బకెట్టా, స్ప్లేనా, లోకోమోటివా? చంద్రుడు తేల్చే ఆకారం

ప్రశ్న: నేను 1990 జనవరి 4 సాయంత్రం పుట్టాను. నా చార్ట్‌ని ఒక సాఫ్ట్‌వేర్ లోకోమోటివ్ అంటోంది, ఇంకొకటి స్ప్లే అంటోంది. అదే నెల 25న పుట్టిన నా స్నేహితురాలిది మాత్రం ఎక్కడ చూసినా బకెట్ అనే వస్తోంది. ఇద్దరికీ గ్రహాలు దాదాపు ఒకేచోట ఉన్నాయి కదా, మరి ఈ తేడా ఎందుకు? వీటిలో ఏది నమ్మాలి? స్వభావం గురించి ఇవి నిజంగా ఏమైనా చెబుతాయా?

జవాబు:

మీది స్ప్లేగానే చదవండి. స్నేహితురాలిది నిస్సందేహంగా బకెట్. మీ ఇద్దరి మధ్య తేడా దాదాపు మొత్తం చంద్రుడి వల్ల వచ్చింది. ఎలాగో లెక్కతో చూపిస్తాను, ఎందుకంటే ఆకారానికి పేరు పెట్టేముందు ఖాళీలు కొలవకపోతే తర్వాత చెప్పే స్వభావమంతా గాల్లో మేడే అవుతుంది.

ఈ ఆకారాల పద్ధతిని అమెరికన్ జ్యోతిష్కుడు మార్క్ ఎడ్మండ్ జోన్స్ 1941లో ఒక కొలిక్కి తెచ్చాడు. మొత్తం ఏడు రకాలు. ఆయన లెక్కలోకి తీసుకున్నవి పదే: సూర్యుడు, చంద్రుడు, బుధుడి నుంచి శని దాకా ఐదు, ఆపైన యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో. లగ్నం లేదు, రాహుకేతువులు లేవు, కైరాన్ అనే చిన్న గ్రహశకలం లేదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, సాఫ్ట్‌వేర్లు సగం తప్పేది ఇక్కడే. రాహుకేతువులు ఎప్పుడూ ఎదురెదురుగా 180 డిగ్రీల దూరంలో ఉంటాయి. వాటిని కలిపారంటే పది గ్రహాలూ ఒకే మూల చేరిన చార్ట్‌కి కూడా వృత్తానికి అవతల ఒక బిందువు వచ్చి పడుతుంది, ఆకారం చెదిరిపోతుంది. కాబట్టి మీ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో అవి టిక్ అయి ఉన్నాయేమో ముందు చూసుకోండి.

ఇంకో సందేహం మనవాళ్లు తప్పకుండా అడుగుతారు: సాయనమా, నిరయనమా? ఆకారం విషయంలో ఏదైనా ఒకటే. అయనాంశ, అంటే ఈ రెండు పద్ధతుల మధ్య తేడా, తీసేస్తే పది గ్రహాలూ ఒకే మోతాదులో వెనక్కి జరుగుతాయి, వాటి మధ్య దూరాలు మారవు. కింద నేను సాయన రాశులు వాడుతున్నాను. మీ నిరయన చక్రంలో గ్రహాలు సుమారు 24 డిగ్రీలు వెనక కనిపిస్తాయి, అంతే.

ఇప్పుడు మీ చార్ట్. మేషం మొదలు 0 అనుకుని 360 దాకా లెక్కపెడితే ఆ సాయంత్రం గ్రహాలు సుమారుగా ఇలా ఉన్నాయి. ప్లూటో వృశ్చికంలో, 227 దగ్గర. కుజుడు ధనుస్సులో 252. తర్వాత మకరంలో వరసగా యురేనస్ 276, నెప్ట్యూన్ 282, సూర్యుడు 284, శని 286, బుధుడు 294. శుక్రుడు కుంభం మొదట్లో, 306. చంద్రుడు మేషంలో 14. గురువు కర్కాటకంలో 95.

ఒక గ్రహం నుంచి తర్వాతిదాకా ఎంత ఖాళీ ఉందో చూడండి. ప్లూటో నుంచి శుక్రుడి దాకా ఎక్కడా 25 డిగ్రీలకు మించదు, అంటే ఎనిమిది గ్రహాలు 79 డిగ్రీల్లో సర్దుకున్నాయి. శుక్రుడి నుంచి చంద్రుడికి 68, చంద్రుడి నుంచి గురువుకి 81, గురువు నుంచి మళ్లీ ప్లూటోకి 132. ఈ మూడు పెద్ద ఖాళీలే మీ చార్ట్ ఆకారం.

మొదటి సాఫ్ట్‌వేర్ లోకోమోటివ్ అనడానికి కారణం ఆ 132. లోకోమోటివ్ అంటే వృత్తంలో మూడో వంతు, అంటే 120 డిగ్రీలు ఖాళీగా ఉండి, మిగతా మూడింట రెండు వంతుల్లో గ్రహాలు పరుచుకుని ఉండటం. అది ఈ ఒక్క షరతే చూసి పేరు తగిలించింది. కానీ నిండిన భాగంలో గ్రహాలు కాస్త సమంగా, మధ్యలో 60 డిగ్రీలకు మించిన తెరిపి లేకుండా ఉండాలన్నది రెండో షరతు. మీకు 68, 81 ఉన్నాయి. రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి ఉంటేనే ఆ పేరుకి అర్థం. మీ చార్ట్‌లో ఎనిమిది గ్రహాలు ఒక గుంపుగా, చాలా దూరంలో చంద్రుడు, ఇంకా దూరంలో గురువు ఉన్నారు. ఇలా సమాన దూరాలు లేకుండా, ఒకటి రెండు చోట్ల గట్టిగా పేరుకుని, మిగతాచోట్ల విడివిడిగా నిలిచే అమరికనే స్ప్లే అంటారు. అందుకే రెండో సాఫ్ట్‌వేర్ మాట సరైనది.

ఇక స్నేహితురాలిది. 25వ తేదీకి కుజుడు ధనుస్సు చివరికి, అంటే 267కి వచ్చాడు. సూర్యుడు కుంభంలో 305కి చేరాడు. బుధుడు, శుక్రుడు వక్రగతిలో వెనక్కి వచ్చి మకరంలోనే ఉన్నారు. ముఖ్యమైనది, చంద్రుడు కూడా మకరంలోనే ఉన్నాడు, మర్నాడు అమావాస్య. గురువు కాస్త వెనక్కి వచ్చి కర్కాటకంలో 92 దగ్గర. అంటే తొమ్మిది గ్రహాలు ప్లూటో నుంచి సూర్యుడి దాకా 78 డిగ్రీల్లో ఉన్నాయి, ఎదురుగా గురువు ఒక్కడే. గుంపుకి ఎదురుగా ఇలా ఒంటరిగా నిలిచే గ్రహమే బకెట్‌కి హ్యాండిల్. గురువుకి ఒక పక్క 147, ఇంకో పక్క 135 డిగ్రీల ఖాళీ. ఇంత నిటారుగా నిలబడిన హ్యాండిల్ అరుదుగా దొరుకుతుంది. తొమ్మిదీ 120 డిగ్రీల లోపే ఉన్నాయి కాబట్టి కొందరు దీనికి వేరే పేరు పెడతారు గానీ, చదివే తీరు బకెట్‌దే.

మీరు రెండు రోజులు ముందు, అంటే జనవరి 2న పుట్టి ఉంటే చంద్రుడు మీనంలో, శుక్రుడికి 40 డిగ్రీల దూరంలోనే ఉండేవాడు. అప్పుడు గుంపు కాస్త పొడుగ్గా అయినా ఒకటిగానే నిలిచేది, గురువు ఒంటరి హ్యాండిల్ అయ్యేవాడు, మీదీ బకెట్టే అయ్యేది. అదే 11వ తేదీ పౌర్ణమి రోజు పుట్టినవాళ్లకి చంద్రుడు కర్కాటకంలో గురువు పక్కన చేరాడు. ఇటు ఎనిమిది, అటు రెండు. అది సీ-సా, రెండు పక్షాలు ఎదురెదురుగా తూగే ఆకారం. ఒకే నెలలో, ఒకే గ్రహాల గుంపుతో, చంద్రుడు రోజుకి సగటున 13 డిగ్రీలు నడవడం వల్ల మూడు రకాలు వచ్చాయి. మరో సంగతి, ఆ నెలలో పుట్టిన ఎవరికీ బౌల్ రాదు. బౌల్ అంటే పది గ్రహాలూ సగం వృత్తంలో, 180 డిగ్రీల లోపు ఉండాలి. గురువు ఎదురుగా కూర్చున్నాడు కాబట్టి చంద్రుడు ఎక్కడున్నా అంత ఖాళీ దొరకదు.

దీన్నిబట్టి ఒక విషయం అర్థమవుతుంది. ఆకారంలో చాలా భాగం మీ ఒక్కరిది కాదు. బుధుడు సూర్యుడికి 28 డిగ్రీలకు మించి దూరం పోడు, శుక్రుడు 48కి మించి పోడు. కాబట్టి ఆ మూడూ ఎప్పుడూ ఒక జట్టే. యురేనస్‌కి ఒక చుట్టు 84 ఏళ్లు, నెప్ట్యూన్‌కి సుమారు 165, ప్లూటోకి 248. ఆ మూడూ ఒక తరం మొత్తానికి దాదాపు ఒకేచోట ఉంటాయి. 1990కి అటూ ఇటూ పుట్టినవాళ్లలో యురేనస్, నెప్ట్యూన్, శని మకరంలో కలిసే ఉన్నాయి, అందుకే ఆ వయసువాళ్లలో ఒక మూల గ్రహాలు పేరుకున్న చార్టులు అన్ని కనిపిస్తాయి. మిగిలిన ఆటగాళ్లు చంద్రుడు, కుజుడు, గురువు. నిజంగా మనిషికీ మనిషికీ తేడా చూపించేది ఎక్కువగా చంద్రుడే.

ఇది తెలిశాక స్వభావం గురించి ఎంత చెప్పవచ్చో, ఎంత చెప్పకూడదో తేలికగా తెలుస్తుంది.

లోకోమోటివ్‌లోనూ బౌల్‌లోనూ ముందుండే గ్రహానికి చాలా ప్రాధాన్యం ఇస్తారు. ఖాళీ భాగం దాటాక రాశిక్రమంలో మొదట వచ్చేది, అంటే మిగతా వాటికంటే ముందు తూర్పున ఉదయించేది. మనిషిని ముందుకు నెట్టేది అదేనని చదువుతారు. మీ చార్ట్‌ని లోకోమోటివ్ అనుకుంటే ఆ గ్రహం ప్లూటో. చాలామంది వెంటనే “మీలో లోతైన పట్టుదల, అన్నీ కూకటివేళ్లతో పెకలించే శక్తి” అని మొదలుపెడతారు. కానీ ప్లూటో వృశ్చికంలో 1984 నుంచి 1995 వరకు ఉంది. ఆ నెలలో పుట్టినవాళ్లలో ఎంతోమందికి ఆ గుంపు మొదట్లో ఉన్నది అదే. అది తరం లక్షణమైతే కావచ్చు, మీ సొంత స్వభావంగా చెప్పడం నాకు సబబు అనిపించదు. ముందున్న గ్రహం చంద్రుడో కుజుడో అయితే ఆ మాటకు బరువు ఉంటుంది.

బౌల్ మీ ఇద్దరికీ లేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బౌల్ ఉన్న మనిషి తన దగ్గర ఉన్నదానితో నిండుగా, తనలో తాను సర్దుకుని ఉంటాడని, ఖాళీగా ఉన్న సగం మాత్రం జీవితమంతా పిలుస్తూ ఉంటుందని అంటారు. అందుకే అలాంటివాళ్లలో ఏదో ఒక పని కోసం, ఒక పక్షం కోసం నిలబడే గుణం కనిపిస్తుందంటారు. మన పద్ధతిలో నాభస యోగాలు చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. రవి నుంచి శని దాకా ఏడు గ్రహాలూ వరసగా ఏడు భావాల్లో ఉంటే, ఆ వరస లగ్నం నుంచి మొదలైతే నౌక, నాలుగు నుంచైతే కూటం, ఏడు నుంచైతే ఛత్రం, పది నుంచైతే చాపం, కేంద్రం కాని చోట మొదలైతే అర్ధచంద్రం అంటారు. చూపు ఒకటే, గ్రహాలు ఎలా పరుచుకున్నాయన్నదే. అయితే అక్కడ ఏడు గ్రహాలు, ప్రతి భావంలో ఒకటి ఉండాలి, మొదలయ్యే భావం ముఖ్యం. ఇక్కడ పది గ్రహాలు, డిగ్రీల్లో ఖాళీ ముఖ్యం. ఒకదాని ఫలితం తెచ్చి ఇంకోదానికి అంటించకండి.

బకెట్ విషయంలో చూపంతా హ్యాండిల్ మీదే ఉండాలి. తొమ్మిది గ్రహాల శక్తి బయటికి రావడానికి ఒకే దారి ఉంది. అలాంటి మనిషి పనులు చాలా చేసినా, ఎక్కడెక్కడో తిరిగినా, చివరికి అన్నీ ఒకే రకమైన ప్రయత్నంలోకి తెచ్చి పోస్తారు. మీ స్నేహితురాలికి ఆ దారి గురువు, అదీ కర్కాటకంలో. నేర్చుకున్నది నలుగురికీ చెప్పడం, తనవాళ్లను పెంచి పోషించడం, ఏది చేసినా దాన్ని కాస్త పెద్దది చేయడం. మకరంలో ఉన్న ఆ గుంపంతా క్రమశిక్షణ, బాధ్యత, హద్దులు. గురువు దానికి ఎదురుగా ఉండి హద్దు దాటించాలని చూస్తాడు. ఆమె గురువుకి ఒక పక్క ఎదురుగా కుజుడు, ఇంకో పక్క ఎదురుగా యురేనస్ దాదాపు ఐదేసి డిగ్రీల తేడాలో ఉన్నారు. దీన్నిబట్టి ఒక్కసారిగా ఉత్సాహం వచ్చి తలకు మించిన పని ఒప్పుకోవడం, తర్వాత మకరం గుంపు ఆ భారాన్ని నెలల తరబడి ఓపికగా మోయడం అనే తీరు కనిపించే అవకాశం ఉంది. ఆమెను అడగాల్సింది “మీరు ఆశావాదులా” అని కాదు. “మీరు గత పదేళ్లలో ఒప్పుకుని తర్వాత ఇబ్బంది పడిన పనులేవి? అవి ఎవరి కోసం ఒప్పుకున్నారు?” అని. జవాబులన్నీ ఒకే దిక్కుకి వెళితే హ్యాండిల్ పనిచేస్తున్నట్టు. నాలుగు దిక్కులకీ వెళితే ఆ చార్ట్‌కి బకెట్ అన్న పేరు జ్యామితి వరకే.

ఇక్కడో జాగ్రత్త. గురువు 1989 జులై చివరి నుంచి 1990 ఆగస్టు దాకా కర్కాటకంలోనే ఉన్నాడు. జనవరి నెలలో దాదాపు పన్నెండు రోజులపాటు, చంద్రుడు తుల నుంచి కుంభం దాకా నడిచినంతకాలం, పుట్టినవాళ్లందరికీ ఈ గురువు హ్యాండిలే. కాబట్టి ఆమెకు ప్రత్యేకమైనది హ్యాండిల్ ఎవరన్నది కాదు, అది ఏ భావంలో పడిందన్నది. భావం రోజులో ఇరవై నాలుగు గంటల్లో పన్నెండూ మారుతుంది. అదే గురువు నాలుగులో పడితే కుటుంబం, ఇల్లు. పదిలో పడితే ఉద్యోగం, పేరు. ఆరులో పడితే రోజువారీ పని, సేవ. ఆమె పుట్టిన సమయం సరిగ్గా తెలిస్తేనే ఈ మాట చెప్పండి.

మీ స్ప్లే దగ్గరికి వస్తే, దీన్ని చదవడం కష్టం, అందుకే ఎక్కువమంది తేలిక మాటలతో దాటేస్తారు. “మీరు ఒక చట్రంలో ఇమడరు, మీ దారి మీదే, మందతో కలిసి నడవరు” అంటారు. ఈ మాట ఎవరికి చెప్పినా తల ఊపుతారు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులు 39 మందికి స్వభావ పరీక్ష పెట్టి, అందరికీ ఒకే వర్ణన రాసిచ్చాడు. ఇది మీకు ఎంతవరకు సరిపోయింది అంటే, సగటున 5కి 4.26 మార్కులు వేశారు. ఆ వర్ణనలో చాలా వాక్యాలు జ్యోతిష్యం పుస్తకంలోంచే తీసుకున్నాడు. కాబట్టి స్ప్లే గురించి అందరికీ సరిపోయే మాట వింటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. చార్ట్ ఆకారం చూసి స్వభావం చెప్పవచ్చని ఏ ప్రయోగమూ నిరూపించలేదు. నేను దీన్ని ఒక సంప్రదాయంగా, మనిషితో మాట మొదలుపెట్టే మంచి ప్రశ్నల మూటగా వాడతాను. అలా వాడాలంటే ప్రశ్న పదునుగా ఉండాలి, జవాబు “కాదు” అని వచ్చే వీలుండాలి.

మీ విషయంలో ఆ పదును ఎక్కడ దొరుకుతుందంటే, ఆ విడి గ్రహాలు రెండింటి దగ్గర. మీరు పుట్టిన సాయంత్రం చంద్రుడు సూర్యుడికి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉన్నాడు, శుక్లపక్షంలో సగం చంద్రుడు. పక్కనే శని, నెప్ట్యూన్ ఉన్నారు కాబట్టి వాటితోనూ చతురస్ర దృష్టే. గురువేమో యురేనస్‌కి ఒక్క డిగ్రీ తేడాలో ఎదురు. అంటే మకరంలోని ఆ బరువైన గుంపుకి రెండు దారులు ఉన్నాయి. ఒకటి మేషంలోని చంద్రుడు: వెంటనే స్పందించడం, ఎవరినీ అడగకుండా దిగిపోవడం, అడ్డం వస్తే కోపం. రెండోది కర్కాటకంలోని గురువు: అందరినీ కలుపుకుపోవడం, కాపాడటం, ఓపిక. ఈ రెండింటి మధ్య 81 డిగ్రీల దూరం ఉంది. కచ్చితమైన చతురస్రానికి తొమ్మిది డిగ్రీలు తక్కువ కాబట్టి వాటి మధ్య సంబంధం వదులుగానే ఉంటుంది. స్నేహితురాలిది ఒకే వాకిలి. మీకు రెండు వాకిళ్లు, ఒకదాంట్లోంచి వెళ్లేటప్పుడు రెండోది గుర్తుండదు.

కాబట్టి మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఇది. టెన్షన్ పెరిగినప్పుడు మీరు చేసే మొదటి పని ఏది? పని భారం మీదపడినప్పుడు ఒక్కరే వెళ్లి తేల్చేసుకునే అలవాటు ఒకచోట, అదే భారం ఇంకోచోట పడితే నలుగురినీ పోగేసి వాళ్ల బాగోగులు చూసే అలవాటు, ఈ రెండూ వేర్వేరు సందర్భాల్లో తెగ్గొట్టినట్టు కనిపిస్తున్నాయా? ఆఫీసులో మిమ్మల్ని చూసినవాళ్లు, ఇంట్లో మిమ్మల్ని చూసినవాళ్లు వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నట్టు చెబుతారా? ఔనంటే స్ప్లే అన్న పేరు మీకు ఏదో పనికొచ్చినట్టు. అంతటా ఒకే తీరు కనిపిస్తే, ఆ 68 డిగ్రీల ఖాళీని పక్కన పెట్టి చంద్రుణ్ని కూడా గుంపులోనే కలిపి, గురువు హ్యాండిల్‌గా బకెట్‌లా ఒకసారి చదివి చూడండి. ఇలాంటి సరిహద్దు చార్ట్‌లో రెండో చదువుకి చోటు ఇవ్వడం తప్పు కాదు. హద్దు 60 అన్నది మనుషులు పెట్టుకున్న గీతే.

పుట్టిన సమయం ఇద్దరికీ కాస్త అటూ ఇటూ అయినా ఆకారం మారుతుందని కంగారుపడకండి. పన్నెండు గంటల తేడాకి చంద్రుడు ఆరేడు డిగ్రీలు కదులుతాడు, మిగతావి దాదాపు కదలవు. స్నేహితురాలి ఖాళీలు 135, 147 కాబట్టి ఆమెది ఎంత కదిపినా బకెట్టే. మీది అలా కాదు. సాయంత్రం కాకుండా తెల్లవారుజామున పుట్టి ఉంటే శుక్రుడికీ చంద్రుడికీ మధ్య ఖాళీ 62 దగ్గరికి తగ్గేది, అంటే హద్దు మీద ఉండేది. సాయంత్రం అని ఇంట్లోవాళ్లు చెప్పింది నమ్మకంగా ఉంటే స్ప్లేకి కట్టుబడండి.

ఒకవేళ స్నేహితురాలిది కూడా ఏదైనా సైట్‌లో బకెట్ కాకుండా వేరే పేరుతో వస్తే, కైరాన్ ఆన్ అయి ఉందేమో చూడండి. ఆ రోజుల్లో కైరాన్ కూడా కర్కాటకంలోనే ఉంది. దాన్ని కలిపితే గురువు ఒంటరితనం పోయి, సాఫ్ట్‌వేర్ సీ-సా అని రాసేస్తుంది.